ద్వివచనం గోల

చిన్నోడి గీత పుస్తకం ఇంకా బల్ల మీదే పడుంది. చూస్తేనే చిరాకు.

ఆ తాత్పర్యం రాసినాయనకి సంస్కృతంలో ఇద్దరికీ, రెండింటికీ వాడే ద్వివచనం కనిపిస్తే చాలు, "రెండు" తగిలించేస్తాడు. "పాదౌ" అంటే "రెండు పాదములు". "నేత్రే" అంటే "రెండు నేత్రములు". కళ్ళు మూసుకో అంటాం గానీ రెండు కళ్ళు మూసుకో అని ఎవరంటారండీ? "రెండు కళ్ళూ పోయాయి" అంటే ఒక్కటీ మిగల్లేదని నొక్కి చెప్పడం. సంస్కృతంలో ఆ "ఔ"కి అంత నొక్కు లేదు. ఇద్దరుంటే అలా అనక తప్పదు, అంతే. నొక్కాలంటే వాళ్ళూ విడిగా మాట పెడతారు. రెండో అధ్యాయంలో "ఉభౌ తౌ న విజానీతః" ఉంది కదా, "తౌ" అంటేనే ఆ ఇద్దరు, దానికి "ఉభౌ" అదనం. అక్కడ "ఇద్దరికీ తెలియదు" అని రాస్తే నాకేం పేచీ లేదు.

బళ్ళో మాత్రం ద్వివచనమంటే మాకు పండగే. రామః రామౌ రామాః అని ఊగుతూ వల్లెవేసేవాళ్ళం. విభక్తులు ఎన్నున్నా ద్వివచనంలో రూపాలు మూడే: రామౌ, రామాభ్యాం, రామయోః. బహువచనం దగ్గర నత్తినత్తిగా నడిచే వెనక బెంచీ వాళ్ళం ఆ గడి రాగానే గొంతు పెంచేసేవాళ్ళం. మాస్టారు బెత్తం బల్ల మీద కొడుతూ తాళం వేసేవారు. ఆయనకి అరుపు కావాలి, మాకు సులువు కావాలి. ఈ మూడూ ఎక్కడ వాడతారో ఎవరూ అడగలేదు.

సరే, రాత్రి చిన్నోడు అడిగింది మొదటి అధ్యాయంలోది. "మాధవః పాండవశ్చైవ దివ్యౌ శంఖౌ ప్రదధ్మతుః." పుస్తకంలో "మాధవుడు, పాండవుడు రెండు దివ్య శంఖములు ఊదిరి" అని ఉంది. "అత్తా, ఒక్కొక్కళ్ళు రెండేసా?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ, "రెండు" కొట్టేసి "దివ్య శంఖాలు ఊదారు" అని రాసి చూస్తే ఇంకా అధ్వానం. ఎన్నో తెలియదు. పైగా "ఊదారు" అంటే మర్యాదకి ఒక్కరే కావచ్చు. అంటే నా నియమం ఇక్కడ చెల్లలేదు. సంస్కృతంలో పేర్లు రాకముందే, రథం మీద "స్థితౌ" అనగానే ఇద్దరున్నారని చెవికి తెలిసిపోతుంది. మన "నిలిచిన"లో ఆ లెక్కే లేదు. చివరికి "మాధవుడూ పాండవుడూ తమ తమ దివ్య శంఖాలు పూరించారు" అని రాశాను. తర్వాతి శ్లోకంలో పాంచజన్యం ఆయనదీ, దేవదత్తం ఈయనదీ అని తేలుతుంది గనక ఎవరూ తికమకపడరు.

ఆ పైన "నకులః సహదేవశ్చ సుఘోషమణిపుష్పకౌ." ఇక్కడ వరస చూసుకోవాలి: నకులుడిది సుఘోషం, సహదేవుడిది మణిపుష్పకం. దీన్ని విడదీసి రెండు వాక్యాలుగానే రాస్తాను.