పై ముడతకూ కింది ముడతకూ తేడా నేర్పడం: నా అనుభవం

గుంటూరు చుట్టుపక్కల మిరప రైతులు అడిగే ప్రశ్నలకు సాగు పుస్తకాల్లోంచి తగిన పేరాను వెతికి తెచ్చే డెన్స్ రిట్రీవర్‌ను తయారుచేయడానికి పూనుకున్నాను. ప్రశ్ననూ పేరానూ వెక్టర్లుగా, అంటే అంకెల వరుసలుగా మార్చి, సరైన జంటను దగ్గరకు చేర్చి తక్కినవాటిని దూరం జరపడమే కాంట్రాస్టివ్ శిక్షణ. ఒక్కో బ్యాచ్‌లో 32 జంటలు పెట్టి, ప్రతి ప్రశ్నకూ మిగిలిన 31 ప్రశ్నల జవాబులనే నెగెటివ్‌లుగా, అంటే దూరం జరపాల్సిన తప్పు జవాబులుగా వాడాను.

మోడల్ ఎంత తప్పుతోందో కొలిచే లాస్ త్వరగానే సున్నాకు చేరువైంది. అయినా, "మిరప ఆకులు పైకి ముడుచుకుంటున్నాయి, ఏం కొట్టాలి?" అని అడిగితే నల్లి గురించిన పేరాయే ముందు వచ్చేది. ఆకులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. ఒకదాని మందు రెండోదానికి పనిచేయకపోవచ్చు కాబట్టి రైతుకు ఈ పొరపాటు చిన్నది కాదు.

కారణం లెక్క వేస్తే తెలిసింది. ప్రశ్నకు ఎంత దగ్గరో చెప్పే స్కోరు సరైన పేరాకు 0.72, మార్కెట్ ధరల గురించిన పేరాకు 0.15 అనుకుందాం. స్కోర్ల తేడాను ఎంత పెంచి చూడాలో నిర్ణయించే టెంపరేచర్ 0.05 అయితే, అలాంటి 31 పేరాలున్నా లాస్ 0.0004 లోపే ఉంటుంది, అంటే మోడల్‌కు నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. వాటితోపాటు 0.70 స్కోరున్న నల్లి పేరాను ఒక్కదాన్ని చేరిస్తే లాస్ దాదాపు 0.51 అవుతుంది. పై, కింద అన్న ఒక్క మాట దగ్గరే తేడా ఉందని మోడల్‌కు చెప్పేది ఆ ఒక్క పేరాయే.

అందుకని నా మోడల్‌తోనే ప్రతి ప్రశ్నకూ మొదటి 50 పేరాలు వెతికించి, జవాబుగా గుర్తించని వాటినన్నిటినీ హార్డ్ నెగెటివ్‌లుగా, అంటే సరైనదానిలాగే కనిపించే తప్పు జవాబులుగా పెట్టాను. ఫలితం మునుపటికంటే దిగజారింది. సేద్యం చేసే మా బాబాయికి ఆ జంటలు చూపిస్తే, "ఇది తప్పెట్లా అవుద్దిరా, ఇదీ తామర పురుగు సంగతే కదా" అన్నాడు. వేరే పుస్తకంలోని సరైన జవాబునే నేను తప్పని నేర్పుతున్నాను. ఎంఎస్ మార్కో అనే ప్రశ్నలూ పేరాల డేటాలో జవాబుగా గుర్తించకపోయినా వెతుకులాటలో పైకి వచ్చిన పేరాల్లో దాదాపు 70 శాతం నిజానికి సరైనవో, బాగా సంబంధమున్నవో అని రాకెట్‌క్యూఏ అనే రిట్రీవర్ శిక్షణ పద్ధతిని రూపొందించిన పరిశోధకులు చూపారు. ఆ మాట చదివి కూడా నేను పట్టించుకోలేదు.

తరువాత ప్రశ్ననూ పేరానూ కలిపి చదివే క్రాస్ ఎన్‌కోడర్‌తో స్కోరు వేయించి, సరైన జవాబుకు సమానంగా స్కోరు వచ్చిన వాటిని తీసేశాను. అదీ పై ముడతనూ కింది ముడతనూ కలిపేసుకునే ప్రమాదం ఉంది కనుక, తెగుళ్ల ప్రశ్నల జాబితాను బాబాయి పక్కన కూర్చుని చేత్తోనే సరిచూశాను.

ఈసారి తామర పురుగు పేరా మొదటికి వచ్చింది, నల్లి పేరా వెనక్కి వెళ్లింది. కానీ రెండో స్థానంలోకి తెల్లదోమ వల్ల వ్యాపించే ఆకుముడత వైరస్ పేరా చేరింది. మోడల్ మారినప్పుడు దానికి కష్టమైన నెగెటివ్‌లూ మారతాయి కాబట్టి, కొత్త మోడల్‌తో మళ్లీ వెతికించి జాబితాను తిరగరాశాను.