కుళాయి 70, ఆవరణలో 55: నన్ను తిప్పలు పెట్టిన పట్టిక

మొత్తానికి అయిపోయింది. విశాఖపట్నం జిల్లాలో నీళ్ళు, మరుగుదొడ్డి, కరెంటు ఎన్ని ఇళ్ళకి ఉన్నాయో 2011 జనగణన నుంచి తీసి ఒక నివేదికకి పట్టిక కట్టే పని. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

కరెంటుది పది నిమిషాల పని. జనగణనలో అడిగింది ఇంట్లో వెలుతురుకి ప్రధానంగా ఏం వాడతారని. కాబట్టి ఆ శాతం దీపం సంగతే చెబుతుంది, రోజుకి ఎన్ని గంటలు కరెంటు ఉంటుందో చెప్పదు. మరుగుదొడ్డీ తేలికే. ఆవరణలో ఉంటే ఏ రకం, లేకపోతే పబ్లిక్‌దా ఆరుబయలా, అంతే. నాలుగు వాటాలకీ కలిపి ఒకటే ఉన్నా నాలుగు కుటుంబాలూ 'ఉంది' కిందే పడతాయి. 2011 పత్రంలో సొంతమా ఉమ్మడా అనే గడి లేదు.

నన్ను నలుగురిలో తలదించుకునేలా చేసింది నీళ్ళ లెక్క.

HL-14 పట్టికలో మండలం, పట్టణం, వార్డు వరకూ శాతాలుంటాయి. తాగునీరు ఎక్కణ్ణుంచి వస్తుందన్నది ఒక వరుస గడులు: శుద్ధి చేసిన కుళాయి నీరు, శుద్ధి చేయని కుళాయి నీరు, బావి, చేతిపంపు, బోరు, ఊట వగైరా. ఆ నీరు ఎక్కడుందన్నది వేరే వరుస: ఆవరణలో, దగ్గర్లో, దూరంగా. పట్టణంలో 100 మీటర్ల లోపు, పల్లెలో 500 మీటర్ల లోపు ఉంటే 'దగ్గర'. మీటర్లే తప్ప ఎక్కుడూ దిగుడూ ఈ లెక్కలోకి రావు. విశాఖలో కొండవాలు ఇళ్ళ వాళ్ళు వీధి కుళాయి నుంచి బిందెతో మెట్లెక్కినా, 100 మీటర్ల లోపయితే 'దగ్గరే'.

'ఇంట్లో కుళాయి ఉన్న కుటుంబాలు' అనే గడి నింపమన్నారు. కుళాయి శాతాన్ని ఆవరణ శాతంతో గుణించి ఇచ్చాను. పైఆఫీసులో ఒకాయన అందరిముందూ కాగితం ఎత్తి చూపించి, "ఇది ఏ లెక్కండీ?" అన్నాడు. తప్పేంటో మాత్రం చెప్పలేదు. అదీ ఆయన గొప్పతనం.

తప్పు ఇదీ. ఉదాహరణకి 1,000 కుటుంబాల వార్డు అనుకోండి. 700 మందికి కుళాయి నీరు: 300 మందికి ఆవరణలో, 350 మందికి దగ్గర్లో, 50 మందికి దూరంగా. మరో 250 కుటుంబాలకి సొంత బోర్లు, అన్నీ ఆవరణలోనే. మిగతా 50 మందీ దూరం నుంచి తెచ్చుకుంటారు. HL-14లో కనిపించేది కుళాయి 70 శాతం, ఆవరణలో 55 శాతం. గుణిస్తే 38.5. అసలుది 30. ఆ 55లో 25 బోర్ల వాటా కదా! బోర్లు ఎక్కువున్న అపార్ట్‌మెంట్ల వార్డుల్లో ఈ తేడా ఇంకా ముదరొచ్చు.

ఆ రెండు శాతాలే చేతిలో ఉంటే చెప్పగలిగింది హద్దులే. కనీసం 70+55−100, అంటే 25. గరిష్ఠం రెంటిలో చిన్నది, 55. ఒక్క అంకె కావాలంటే జనగణనలోదే HH-6 పట్టిక తీయాలి. అందులో నీటి వనరునీ అది ఉన్న చోటునీ కలిపి కుటుంబాల సంఖ్యే ఇస్తారు. కుళాయి రెండు రకాలకీ 'ఆవరణలో' గడులు కూడి, మొత్తం కుటుంబాలతో భాగిస్తే సరి. మొత్తం, గ్రామీణ, పట్టణ అడ్డువరుసలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. నిలువుగా మొత్తం కూడితే ప్రతి కుటుంబం రెండుసార్లు పడుతుంది. 2001తో పోల్చాలన్నా రెండు కుళాయిలూ కలపాల్సిందే, అప్పుడు కుళాయి ఒకటే గడి. ఇంకోటి, శుద్ధి చేయని కుళాయిని తక్కువగా చూడకండి. ఏజెన్సీలో కొండ ఊట నీటిని గొట్టాలతో నేరుగా కుళాయికి తెస్తే అది పడేది అక్కడే, 'ఊట' గడిలో కాదు.

ఇంత తెలుసుకుని పొంగిపోయానో లేదో, "కొత్త జిల్లాకి ఇవ్వండి" అన్నారు. 2022 ఏప్రిల్‌లో పాత విశాఖ జిల్లా మూడు ముక్కలైంది. నా దగ్గరున్న HH-6 పాత జిల్లాకి, కోడ్ 544కి. మండలాలవారీగా ఉన్నవి HL-14 శాతాలే. వాటినీ సగటు చేయకూడదు. 2,000 కుటుంబాల మండలంలో కుళాయి 20 శాతం, 18,000 కుటుంబాల పట్టణంలో 80 శాతం అనుకోండి. సగటు 50 అని తేల్చేస్తారు. కుటుంబాలు లెక్కేస్తే 400, 14,400 కలిపి 20,000లో 14,800, అంటే 74 శాతం.

కుళాయి శాతం అలా కట్టి ఇచ్చాను. 'ఇంట్లో కుళాయి' గడిలో మాత్రం కనిష్ఠం, గరిష్ఠం రెండూ రాసి పంపాను. ఒక్క అంకె వేయమని ఫోన్ వచ్చింది. వేయలేదు.