ఎత్తొద్దు 1 నుంచి ఎత్తొద్దు 31 దాకా

నిన్న రాత్రి నా ఫోన్ ఒక్కసారి కూడా మోగలేదు. ఆ సంబరం చల్లారకముందే రాసేస్తున్నాను.

ఎప్పుడో లోన్ వడ్డీ ఎంతో చూద్దామని ఒక వెబ్‌సైట్‌లో నంబర్ ఇచ్చాను. లోన్ తీసుకోలేదు కానీ, ఆ రోజు నుంచి నేను ఊరందరికీ కావలసినవాణ్ణయిపోయాను. లోన్ కావాలా అంటూ ఒకటే స్పామ్ కాల్స్, మెసేజ్‌లు. వడ్డీ చూడ్డానికి ఫోన్ నంబర్ ఎందుకు అడుగుతారో అప్పుడే అనుమానపడాల్సింది.

మెసేజ్‌ల పని తేలిగ్గానే తెమిలింది. నాది ఆండ్రాయిడ్. గూగుల్ మెసేజెస్ యాప్ సెట్టింగ్స్‌లో Spam protection ఆన్ చేస్తే, అనుమానం వచ్చినవి Spam & blocked అనే ఫోల్డర్‌లోకి పోతాయి. అప్పుడప్పుడూ అది తెరిచి చూసుకోండి. నాకు కావలసిన మెసేజ్ ఒకటి అందులో రెండు రోజులు పడి ఉంది.

కాల్స్ దగ్గరే నా పరువు పోయింది.

మొదట వచ్చిన నంబర్‌నల్లా బ్లాక్ చేశాను. మర్నాడు వేరే నంబర్. వాళ్లకు నంబర్ల కరువు లేదు. తర్వాత ఫోన్ యాప్‌లో Blocked numbers కింద Unknown అనే మీట కనిపించింది. కాంటాక్ట్స్‌లో లేనివాళ్లందరినీ ఆపేస్తుందనుకుని ఆన్ చేసి కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. పది నిమిషాల్లో ఫోన్ మోగింది. అక్కడ Unknown అంటే నంబర్ దాచిపెట్టి చేసేవాళ్లని అర్థమట. నంబర్ కనపడేలా చేసేవాడు నాకు తెలియనివాడైనా దాని లెక్కలో అన్‌నోన్ కాడు.

సరే, కాల్ సెట్టింగ్స్‌లో Caller ID & spam లోకి వెళ్లి Filter spam calls ఆన్ చేశాను. ఇది బాగానే పనిచేస్తుంది. స్పామ్ అని ముందే గుర్తుపట్టిన నంబర్ అయితే ఫోన్ మోగదు, కాల్ హిస్టరీలో మాత్రం కనిపిస్తుంది. కొత్త నంబర్ నుంచి చేస్తే దానికీ వెంటనే తెలియదు. అందుకని రాత్రుళ్లకు డు నాట్ డిస్టర్బ్ పెట్టాను. పది నుంచి ఆరు దాకా షెడ్యూల్, కాల్స్ కాంటాక్ట్స్ నుంచి మాత్రమే. ఆఫీసులో అందరికీ గొప్పగా చెప్పాను కూడా.

ఆ రాత్రే పదకొండుకు ఫోన్ మోగింది. అదే లోన్ గొంతు. రెండో రాత్రీ అంతే. సెట్టింగ్ తీసి మళ్లీ పెట్టాను, ఫోన్ ఆపి ఆన్ చేశాను, ఫోనే పాడైందని తేల్చేశాను. మూడో రోజు మా అమ్మాయి ఫోన్ తీసుకుని కాంటాక్ట్స్ పైకీ కిందికీ జరిపి, "నాన్నా, ఈ ఎత్తొద్దు 1, ఎత్తొద్దు 2 ఎవరు?" అంది.

నేనే! బ్లాక్ చేయడం మానేశాక, స్పామ్ అని తేలిన ప్రతి నంబర్‌నూ, మళ్లీ వస్తే గుర్తుపట్టడానికి, ఎత్తొద్దు అని సేవ్ చేసుకున్నాను. అలా 31 అయ్యాయి. కాంటాక్ట్స్‌ని మాత్రమే రానివ్వమని నేనే చెప్పాను, ఆ జాబితాలో వాళ్లను నేనే కూర్చోబెట్టాను. నేను పెట్టిన పేరు ఫోన్ చదవదు కదా, సేవ్ చేశానంటే నావాళ్లే అనుకుంటుంది. అమ్మాయి ఆపకుండా నవ్వింది. వాళ్లమ్మను కూడా పిలిచి చూపించింది.

ఆ 31 కాంటాక్ట్స్ తీసేసి, కాల్ హిస్టరీ నుంచి ఒక్కో నంబర్‌నూ స్పామ్‌గా రిపోర్ట్ చేసి బ్లాక్ చేశాను. గంట పట్టింది. రాత్రి కాల్స్ ఇప్పుడు స్టార్ పెట్టిన కాంటాక్ట్స్ నుంచే. ఇంట్లోవాళ్లు, ఇద్దరు స్నేహితులు, అంతే.

కోపంలో Allow repeat callers కూడా ఆపేయబోతే అమ్మాయి వద్దంది. ఒకే నంబర్ నుంచి పదిహేను నిమిషాల్లోపు రెండోసారి చేస్తే, డు నాట్ డిస్టర్బ్ ఉన్నా ఆ కాల్ మోగుతుంది. "నా ఫోన్ ఛార్జింగ్ అయిపోయి వేరేవాళ్ల ఫోన్ నుంచి చేస్తే ఎలా?" అంది. వెంటనే అదే నంబర్ నుంచి మళ్లీ చేసే మొండి స్పామర్ దీంతో లోపలికొస్తాడు, నిజమే. అయినా ఆన్‌లోనే ఉంచాను. రెండుసార్లు ప్రయత్నించాలన్న సంగతి మాత్రం ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాలి, లేకపోతే ఒకసారి చేసి ఊరుకుంటారు.

పొద్దున చూస్తే కాల్ హిస్టరీలో రెండు స్పామ్ కాల్స్ ఉన్నాయి, రెండూ మోగనివే. మా అమ్మాయి మాత్రం తన ఫోన్‌లో నా పేరు మార్చేసింది. ఎత్తొద్దు 32.