కాగితం మీది నగ ఒంటి మీదికి వచ్చేలోగా

మా మేనకోడలు నగల డిజైన్ నేర్చుకుంటోంది. తను గీసిన పెళ్లినగల సెట్టు కంసాలి చేతికి వెళ్లే ముందు నా దగ్గరకు తెచ్చింది. కెంపులు, ముత్యాలతో పద్మం నమూనా: మెడను పట్టి ఉండే నెక్లెస్, బుట్టకమ్మలు, ఉంగరం. రంగులు అద్దిన తీరు నిజంగా ముచ్చటగా ఉంది. నేను మాత్రం మొదట, "ఇవి అసలు సైజులో గీసినవేనా?" అని అడిగాను. కావు. కాగితంలో పట్టడానికి నెక్లెస్‌ను కుదించింది, పనితనం కనబడటానికి కమ్మలను పెంచింది. అలా గీస్తే మూడింటి పొందిక ఎవరికీ తెలియదు. అందుకే అన్నింటినీ మిల్లీమీటర్ల గళ్ల కాగితం మీద అసలు సైజులో మళ్లీ గీయించాను.

గీయగానే ఉంగరం సంగతి బయటపడింది. నెక్లెస్ పతకంలో ఉన్న పదహారు రేకుల పద్మాన్నే 12 మిల్లీమీటర్లకు కుదించి ఉంగరంలో పెట్టింది. చుట్టుకొలతను పదహారుతో భాగిస్తే ఒక్కో రేకుకు అంచు దగ్గర 2.4 మిల్లీమీటర్లు కూడా రాదు. అందులోనే రాయి, దాని చుట్టూ బంగారు అంచు ఇమడాలి. పువ్వును కుదించడం కాదు, రేకులు తగ్గించమన్నాను. ఎనిమిది రేకులతో అది మళ్లీ పద్మంలా కనబడింది.

ఎక్కువ సేపు కమ్మల దగ్గరే ఆగాను, ఎందుకంటే పెళ్లికూతురు గంటల తరబడి మోయాల్సింది వాటినే. బుట్ట అడుగు వెడల్పు 24 మిల్లీమీటర్లు. దాన్ని అర్ధగోళం అనుకుని లెక్క వేశాం. 0.5 మిల్లీమీటరు మందం బంగారు రేకుతో చేస్తే దాదాపు 0.45 ఘన సెంటీమీటర్ల లోహం. 22 క్యారెట్ల బంగారం ఘన సెంటీమీటరుకు సుమారు 17.7 గ్రాములు తూగుతుంది కాబట్టి ఒక్క బుట్టే 8 గ్రాములు. పై దిద్దు, కెంపులు, ముత్యాల కుచ్చు అదనం. రేకు బాగా పలచన చేస్తే బరువు తగ్గుతుంది కానీ, నొక్కితే సొట్ట పడుతుంది. అందుకే ముందు వెడల్పునే 20 మిల్లీమీటర్లకు దించాం. 0.4 మందంతో బుట్ట నాలుగున్నర గ్రాముల దగ్గరకు వచ్చింది. మిగిలిన బరువులో కొంత జుట్టుకు పంచడానికి మాటీలు తగిలించే కొక్కెం ఉండాలి. బొమ్మలో దాని జాడే లేదు.

వెనక వైపు బొమ్మ గీయించాక ఇంకో లోపం దొరికింది. సీల దిద్దుకు సరిగ్గా నడిమధ్యలో ఉంది. పెద్ద దిద్దు కింద బుట్ట వేలాడుతుంటే, సీల మధ్యలో ఉన్నప్పుడు దిద్దు పైభాగం చెవిని వదిలి ముందుకు వాలుతుంది. సీలను పై మూడో వంతులోకి జరిపితే దిద్దు చెవికి ఆనుకుని ఉంటుంది. ముందు వైపు బొమ్మ ఎంత బాగున్నా ఈ సంగతి చెప్పదు.

నెక్లెస్‌కు లెక్కలకన్నా కత్తెర బాగా పనిచేసింది. బిళ్లలను దళసరి అట్ట మీద కత్తిరించి, దారంతో కూర్చి, మేనకోడలి మెడకే కట్టాం. ఒక్కో బిళ్లకు పక్కన ఒకే కొండీ ఉన్నందువల్ల మెడ తిప్పగానే రెండు బిళ్లలు బోర్లా పడ్డాయి. పైన ఒకటి, కింద ఒకటి వదులైన కొండీలు పెట్టాక నిలిచాయి. బిళ్లలు పైన ఇరుకుగా, కింద వెడల్పుగా ఉండేలా అంచులు కోశాక మధ్యలో సందులు రాకుండా మెడ వంపును అనుసరించాయి.

ఆ తర్వాత కాగితాలను మాతో ఎప్పుడూ పనిచేసే కంసాలి ముందు పెట్టి, మేనకోడలిని ఏమీ చెప్పవద్దన్నాను. చేసేవాడి పక్కన ఎప్పుడూ గీసినవాళ్లు కూర్చోరు కదా. ఆయన చూసి, "అమ్మా, ఈ నల్లటి నీడ లోతా, మీనా పనా?" అని అడిగారు. తర్వాత కెంపుల వరుస మీద వేలు పెట్టి, "రాళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. పొదగడానికి గోడ ఎక్కడ కట్టను?" అన్నారు. అడిగిన ప్రతిదీ రాసుకున్నాం, బొమ్మలో సరిచేయాల్సినవి అవే.

రంగుల బొమ్మను అలాగే ఉంచి, కంసాలి కోసం వేరే కాగితం తయారు చేయించాను. అందులో రంగు లేదు. ముందు, పక్క, వెనక బొమ్మలు. ప్రతి రాయి కొలత. రాళ్ల మధ్య బంగారానికి వదిలిన చోటు. లోతు తెలియడానికి పద్మాన్ని నిలువునా కోసినట్టు ఒక గీత. పద్మం రేకు ఎత్తు 3 మిల్లీమీటర్లు దాటకూడదని రాశాం, దాటితే చీర కొంగు పట్టుకుంటుంది. ఆ ఎత్తులోపల రేకు ఎలా వంపు తిరగాలో మేనకోడలు గీతల్లో బిగించబోతే ఆపాను. లక్క మీద బంగారు రేకును కొడుతూ ఆయన చేయి తేల్చాల్సిన విషయం అది.