అన్న నీకేమవుతాడు?

ఆదివారం రాత్రి దుబాయ్ ఆసుపత్రిలో అన్న గుండెపోటుతో పోయాడు. ఆయనది గుంటూరు కొరిటెపాడు, మాది బ్రాడీపేట. ఊళ్లో ఉన్నన్నాళ్లు ఒకరికొకరం తెలియదు. ఇక్కడ ఒకే గోదాంలో పని, ఆరేళ్లు ఒకే రూము. పైబెర్తు ఆయనది, కిందిది నాది.

సోమవారం పొద్దున డ్యూటీకి వెళ్లకముందే హెచ్‌ఆర్‌కు మెసేజ్ పెట్టాను. "మా బ్రదర్ చనిపోయాడు, అంత్యక్రియలకు ఇండియా వెళ్లాలి, సెలవు కావాలి." అబద్ధం చెప్పాలని కాదు. అన్నా అని పిలిచేవాణ్ణి, ఇంగ్లీషులో రాసేసరికి బ్రదర్ అయింది. పది నిమిషాల్లో జవాబొచ్చింది: బంధుత్వానికి రుజువు పంపండి. మా ఇద్దరి పాస్‌పోర్టు కాపీలూ వాళ్ల దగ్గరే ఉన్నాయి. ఇండియన్ పాస్‌పోర్టు చివరి పేజీలో తండ్రి పేరు ఉంటుంది. ఇద్దరి నాన్నలూ వేరు, ఇంటిపేర్లు కూడా వేరే. పక్క రూము కుర్రాడు "పిన్ని కొడుకని రాసెయ్ అన్నా, ఎవడు చూస్తాడు" అన్నాడు. పిన్ని కొడుకైనా ఆ సెలవు రాదని వాడికి తెలియదు.

యూఏఈలో 2021లో వచ్చిన కార్మిక చట్టం ప్రకారం భార్య గానీ భర్త గానీ పోతే ఐదు రోజులు, అమ్మానాన్నలు, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తాతలు, అమ్మమ్మ నాయనమ్మలు, మనవలు పోతే మూడు రోజులు జీతంతో సెలవు ఇవ్వాలి. బాబాయి కొడుకు, బావమరిది, స్నేహితుడు ఆ జాబితాలో లేరు. పైగా ఆ మూడు రోజులు చనిపోయిన రోజు నుంచే లెక్క. అంటే నేను సొంత తమ్ముణ్ణయినా బుధవారానికల్లా సెలవు అయిపోయేది. బాడీ మాత్రం గురువారం రాత్రి గానీ విమానం ఎక్కలేదు. పరాయి దేశంలో పోయినవాళ్ల విషయంలో ఈ సెలవు ఎవరికీ పెద్దగా అక్కరకు రాదని నాకు అప్పుడే అర్థమైంది.

మిగిలింది యాన్యువల్ లీవ్. ఏడాది దాటినవాళ్లకు 30 రోజులు ఉంటుంది, నాకు ఇంకా 21 మిగిలి ఉన్నాయి. కానీ ఏ తేదీల్లో వాడుకోవాలో చివరికి తేల్చేది కంపెనీయే. అడగవచ్చు గానీ హక్కుగా పట్టుబట్టలేం. అందుకే హెచ్‌ఆర్‌తో వాదన పెట్టుకోకుండా మా సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లాను. మలయాళీ, మనసున్న మనిషే. కానీ ఆయన మొదటి ప్రశ్నే నన్ను ఇరకాటంలో పెట్టింది.

"ఏ రోజు?"

నాకేం తెలుసు? ఊళ్లో ఎవరైనా పోతే సాయంత్రానికో మర్నాటికో అయిపోతుంది. ఇక్కడ ముందు ఆసుపత్రి కాగితం, తర్వాత పోలీసుల ఎన్‌ఓసీ, డెత్ సర్టిఫికెట్, వీసా రద్దు. ఆపైన ఇండియన్ కాన్సులేట్‌లో పాస్‌పోర్టు రద్దు, ఎన్‌ఓసీ. ఇవన్నీ అయ్యాక బాడీ పాడవకుండా ఎంబామింగ్, ఆ సర్టిఫికెట్ ఉంటేనే కార్గో బుకింగ్. ఖర్చు కంపెనీయే భరించాలి, మావాళ్లు భరించారు కూడా. ఆఫీసుల్లో కాగితాల పని చూసే కంపెనీ పీఆర్‌ఓకు తోడు తిరిగే మనిషిని మాత్రం మేమే ఇచ్చాం. ఇందులో ఏ ఒక్క కాగితం ఆగినా తేదీ ఒక రోజు జరుగుతుంది.

అందుకని తేదీ చెప్పకుండా మాట ఇలా మార్చాను. "సార్, రెండు రోజులు చాలు. ఏ రెండు రోజులో కార్గో ఎయిర్‌వే బిల్లు నంబరు వచ్చిన గంటలో చెప్తాను. ఆ రెండు రోజులూ నా షిఫ్టు ఎవరు చేస్తారో ఇప్పుడే రాసిస్తాను." నా బదులు చేసే ఇద్దరి చేత ముందే ఒప్పించి, వాళ్ల పేర్లు వాట్సాప్‌లో పెట్టాను. హెచ్‌ఆర్‌కు రెండో మెయిల్ రాశాను. బంధుత్వం దగ్గర ఈసారి సహోద్యోగి, రూమ్‌మేట్ అని పెట్టి, పొద్దున రాసిన మాట పొరపాటని కూడా రాశాను. ఆ వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది. తప్పు ఒప్పుకోవడం కష్టమై కాదు. ఆరేళ్లలో ఆయన్ని సహోద్యోగి అని నేనెప్పుడూ అనుకోలేదు.

మంగళవారం గుంటూరు నుంచి అన్న వాళ్ల తమ్ముడు ఫోన్ చేశాడు. "నువ్వు పెద్దకర్మకు రా అన్నయ్యా, తేదీ ముందే తెలుస్తుంది, సెలవు తేలిక" అన్నాడు. మాట నిజమే. దహనం రోజు నుంచి లెక్కపెట్టి పదకొండో రోజంటే ఎవరికైనా చెప్పగలం, టికెట్టూ తక్కువకు దొరుకుతుంది. కానీ ఆసుపత్రిలో ఆఖరుగా చూసింది నేను. ఆయన పెట్టెతో పాటు ఎవరో ఒకరు ఇంటిదాకా వెళ్లాలి కదా అనిపించింది.

ఎయిర్‌వే బిల్లు గురువారం మధ్యాహ్నం వచ్చింది. శుక్ర, శని సెలవు పెట్టాను. మా వారాంతపు సెలవు ఆదివారం ఒక్కటే. యాన్యువల్ లీవ్ మధ్యలో వచ్చిన సెలవు రోజు కూడా లెక్కలో కోసేస్తారు గానీ చివర్లో వస్తే కొయ్యరు. కాబట్టి రెండు రోజులు పెట్టి మూడు రోజులు సంపాదించాను. ఆ టెన్షన్‌లో ఈ లెక్క వేసినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

రాత్రి డ్యూటీ దిగి అదే విమానం ఎక్కాను. తెల్లవారుజామున మూడు దాటాక శంషాబాద్. కార్గో దగ్గర అన్న తమ్ముడు, మేనమామ నిలబడి ఉన్నారు. డెత్ సర్టిఫికెట్, ఎంబామింగ్ సర్టిఫికెట్, కాన్సులేట్ ఎన్‌ఓసీ, రద్దయిన పాస్‌పోర్టు, వీటి కాపీలు నా సంచిలో రెండేసి సెట్లు పెట్టుకున్నాను. పనికొచ్చాయి. పెట్టె చేతికొచ్చేసరికి ఎనిమిదైంది. అంబులెన్స్ ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీ ఎన్‌ఆర్‌టీ సొసైటీ ద్వారా ఉచితంగా దొరికింది, దానికి ముందురోజే ఫోన్ చేసి చెప్పాం. నార్కట్‌పల్లి దగ్గర తిరిగి మిర్యాలగూడ, పిడుగురాళ్ల, సత్తెనపల్లి మీదుగా వచ్చాం. పిడుగురాళ్లలో టీ తాగుదామని డ్రైవరు ఆపాడు గానీ ఎవరం దిగలేదు.

కొరిటెపాడు చేరేసరికి రెండు దాటింది. వాళ్లమ్మ పెట్టె వైపు చూడకుండా ముందు నా చెయ్యి పట్టుకుంది. "నీకు సెలవిచ్చారా నాయనా?" అంది. ఇచ్చారమ్మా అన్నాను. ఎన్ని రోజులని అడిగింది. చెప్పాను. చిన్న దినానికన్నా ఉండవా అంది. దానికి ఏం చెప్పాలో తెలియక నీళ్లు తాగడానికని లోపలికి వెళ్లాను.

పొద్దుగూకే లోపే దహనం అయింది. శనివారం అమ్మానాన్నల దగ్గర పడుకున్నాను, నిద్ర పట్టలేదు. ఆదివారం సాయంత్రం మళ్లీ శంషాబాద్.

సోమవారం డ్యూటీలో యాప్ తెరిస్తే యాన్యువల్ లీవ్ 19 చూపిస్తోంది. సాయంత్రం రూముకు వెళ్లేసరికి పైబెర్తు మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. విజయవాడ కుర్రాడట, పొద్దునే దిగాడు. "అన్నా, ఇక్కడ ముందు ఎవరుండేవారు?" అని అడిగాడు.

"మా అన్న" అన్నాను.