ఆ శాంపిలా, ఏదో ఒక శాంపిలా?

నేను గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక చిన్న ఆఫీసులో పనిచేస్తాను. బిల్లులు, కొరియర్లు, బయటి దేశాల పార్టీలకు మెయిళ్లు అన్నీ నా టేబుల్ మీదే. డిగ్రీ దాకా తెలుగు మీడియం. నేను రాసే ఇంగ్లిష్ మెయిల్ ఎదుటివాళ్లకు అర్థమవుతోంది కదా, చాల్లే అనుకునేదాన్ని. 'ఎ', 'యాన్', 'ది' అనే ఆర్టికల్స్ కూర మీద చల్లే కొత్తిమీరలాంటివని, చల్లితే అందం, చల్లకపోయినా కూర కూరేనని నా లెక్క.

ఒక పార్టీకి వీడియో కాల్‌లో కోల్డ్ స్టోరేజీలో ఉన్న తేజ రకం చూపించాం. వాళ్లకు రంగు నచ్చింది. రెండు రోజుల తర్వాత యార్డుకి కొత్త సరుకు వచ్చింది, అది ఇంకా బాగుంది. దాంట్లోంచి కొంచెం పంపుదామన్నారు మా సార్. నేను మెయిల్‌లో "వియ్ విల్ సెండ్ ది శాంపిల్ టుమారో" అని రాసి కొరియర్ చేశాను. వారం తర్వాత అటు నుంచి జవాబు: మేం చూసిన సరుకు ఇది కాదు, ఇదేమిటి? వాళ్ల తప్పేం లేదు. 'ది శాంపిల్' అంటే కాల్‌లో చూసిన ఆ శాంపిలే అని చదువుకున్నారు. నేనేమో ఇంగ్లిష్‌లో పేరుపదం ముందు ఏదో ఒకటి ఉండాలి కదా అని 'ది' పెట్టాను. అక్కడ 'ఎ శాంపిల్ ఫ్రమ్ ఎ న్యూ లాట్' అని ఉంటే గొడవే లేదు. రెండోసారి కొరియర్ ఖర్చు, సార్ ముందు టెన్షన్, అన్నీ ఒక చిన్న మాట మీద.

మేం అద్దెకుండేది బ్రాడీపేటలో. ఇంటి ఓనరు గారు రిటైరైన ఇంగ్లిష్ మాస్టారు. ఆ సాయంత్రం మెయిల్ ప్రింటు పట్టుకుని కిందికి దిగాను. ఆయన చదివి, "అమ్మాయ్, దీన్ని తెలుగులో చెప్పు" అన్నారు.

"రేపు శాంపిల్ పంపుతాం."

"నువ్వు రాసింది అది కాదు. 'రేపు ఆ శాంపిల్ పంపుతాం' అని రాశావు. 'ఆ'కీ 'ఏదో ఒక'కీ తేడా నీకు తెలుగులో తెలియదా?"

తెలుసు. కాకపోతే తెలుగులో ఆ తేడాని ప్రతిసారీ పైకి చెప్పక్కర్లేదు. చెప్పినా ఒకే చోట చెప్పం. మాస్టారు ఆ రోజు రెండు జతలు రాయించారు. "బల్ల మీద పుస్తకం ఉంది", "పుస్తకం బల్ల మీద ఉంది". మొదటిది వినగానే ఏదో పుస్తకం అనిపిస్తుంది. రెండోది మనం వెతుకుతున్న పుస్తకం. ఇంగ్లిష్‌లో మొదటిది 'ఎ బుక్', రెండోది 'ది బుక్'. మనం మాటల వరసతో చేసే పనిని వాళ్లు 'ఎ', 'ది'లతో చేస్తున్నారన్నమాట. ఇంకో జత: "కుర్చీ తీసుకురా", "కుర్చీని తీసుకురా". మొదటిదానికి ఏ కుర్చీ తెచ్చినా సరే. 'ని' చేరేసరికి ఇద్దరికీ తెలిసిన కుర్చీ అయిపోతుంది. అంటే విషయం మనకు కొత్త కాదు, అది ఉండే చోటే వేరు. ఈ 'ని' కొలత వస్తువుల దగ్గరే పనిచేస్తుంది. మనుషులకైతే ఎవరైనా సరే 'ని' పెట్టాల్సిందే, "డాక్టర్‌ని చూడాలి" అన్నప్పుడు ఏ డాక్టరో దానివల్ల తెలియదు.

అక్కణ్నుంచి నా మొదటి అలవాటు పుట్టింది. మెయిల్ రాశాక ప్రతి పేరుపదం దగ్గరా ఆగి, చదివేవాడు "ఏ శాంపిల్? ఏ బిల్లు?" అని అడుగుతాడా అని చూసుకుంటాను. అడిగేలా ఉంటే 'ఎ'. అడగకుండానే తెలిసిపోతే 'ది'. నాకు తెలుసా అన్నది కాదు ప్రశ్న, అతనికి తెలుసా అని. నా తప్పుల్లో చాలావరకు ఇక్కడే. వస్తువు నా ఎదురుగా ఉంటుంది కాబట్టి నాకు అది 'ది'. అతను దాన్ని ఎప్పుడూ చూసి ఉండడు.

ఇంతవరకు తేలికే. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. విజయవాడ నుంచి వస్తుంటే మంగళగిరి దగ్గర మా బస్సు ఆగిపోయిన సంగతి ఇంగ్లిష్‌లో రాసుకు రమ్మన్నారు మాస్టారు. తెలుగులో ఎలా చెబుతామో అలాగే రాశాను: బస్సులో వస్తున్నాను, టైరు పేలింది, డ్రైవర్ బస్సు ఆపాడు, స్టెప్నీ మార్చారు. అన్నీ బోసిగా, ఒక్క ఆర్టికల్ లేకుండా. ఆయన ఎర్ర పెన్ను తీసి నాకే ఇచ్చారు.

బస్సు మొదటిసారి వచ్చింది, వినేవాడు చూడలేదు కాబట్టి 'ఎ బస్' అన్నాను. సరే అన్నారు. టైరు? బస్సు సంగతి చెప్పేశాం కాబట్టి 'ది టైర్' అనుకున్నాను. "బస్సుకి ఎన్ని టైర్లు?" అన్నారు. చాలా ఉంటాయి, వాటిలో ఏదో ఒకటి పేలింది. కాబట్టి 'ఎ టైర్'. మరి డ్రైవర్? అతని గురించి అంతకుముందు ఒక్క మాట కూడా చెప్పలేదు, అయినా 'ది డ్రైవర్'. బస్సు అనగానే దానికి ఒక డ్రైవర్ ఉంటాడని వినేవాడికి తెలుసు, అతనొక్కడే ఉంటాడనీ తెలుసు. స్టెప్నీ కూడా ఒక్కటే కాబట్టి 'ది స్పేర్ టైర్'. మొదటిసారి చెబితే 'ఎ', రెండోసారి చెబితే 'ది' అని బళ్లో బట్టీ పట్టిన సూత్రం ఈ డ్రైవర్ దగ్గర బోల్తా పడింది. దీన్ని పట్టుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఇప్పుడు ఇంటికో పెళ్లికో ఆఫీసుకో సంబంధించిన మాట వస్తే, అక్కడ అలాంటిది ఒక్కటే ఉంటుందా, చాలా ఉంటాయా అని లెక్క చూస్తాను. పెళ్లంటే 'ది బ్రైడ్', కానీ 'ఎ గెస్ట్'.

రోజూ చేసే పని ఇంకోటి పెట్టారు మాస్టారు. ఇంగ్లిష్ పేపర్లో ఏదైనా వార్త నుంచి ఎనిమిది పది లైన్లు, ఆర్టికల్స్ అన్నీ తీసేసి నోటుబుక్కులో రాసుకోవాలి. మర్నాడు పేపరు చూడకుండా మళ్లీ పెట్టాలి. తీసేసిన చోట ఖాళీ గీతలు పెట్టకూడదు. గీత ఉంటే ఇక్కడేదో ఉందని ముందే తెలిసిపోతుంది. అసలు ఏమీ అక్కర్లేని చోటు ఏదో కనిపెట్టడమే సగం పని. హెడ్డింగులు వద్దన్నారు, వాటిల్లో చోటు కోసం ఆర్టికల్స్ ఎత్తేస్తారు, వాటిని చూసి నేర్చుకుంటే పాత రోగమే ముదురుతుంది.

తప్పుల్ని మూడు వరసల్లో రాసేదాన్ని: వదిలేసినవి, అనవసరంగా పెట్టినవి, ఒకదానికి బదులు ఇంకోటి పెట్టినవి. మొదట్లో మొదటి వరస నిండిపోయింది, అందులోనూ ఉద్యోగాల దగ్గర. "మా నాన్న డ్రైవర్" అంటాం, "ఒక డ్రైవర్" అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. అందుకే "మై ఫాదర్ ఈజ్ డ్రైవర్" నాకు నిండుగానే వినిపించేది. ఒకటి, రెండు అని లెక్కపెట్టే మాట ఏకవచనంలో ఉంటే ఇంగ్లిష్‌లో ఒంటరిగా నిలబడదు, 'ఎ', 'ది', 'మై', 'దిస్' లాంటిదేదో ముందు ఉండాలి. ఈ ఒక్క సూత్రంతో మొదటి వరస సగానికి పైగా ఖాళీ అయింది.

నెల తిరిగేసరికి రెండో వరస మొదలైంది. భయంతో అన్నిటికీ 'ది' తగిలించడం. "ది చిల్లీస్ ఆర్ హాట్" అని రాశాను. మిరపకాయలన్నిటి గురించి మామూలుగా చెబుతుంటే 'ది' వద్దు. మనం పంపిన మిరపకాయల గురించైతే కావాలి. దేశాల పేర్లతో కూడా తిప్పలే. చైనా, బంగ్లాదేశ్, శ్రీలంకలకు వద్దు, 'ది యూఏఈ', 'ది యూకే'లకు కావాలి. కృష్ణా నదికి 'ది', గుంటూరుకి వద్దు. ఇవి నేర్చుకునేవి, ఆలోచిస్తే వచ్చేవి కావు. అలాగే తెలుగులో రెండు సలహాలు, మూడు లగేజీలు అంటాం, ఇంగ్లిష్‌లో 'అడ్వైస్', 'లగేజ్', 'ఇన్ఫర్మేషన్', 'ఫర్నిచర్', 'ఎక్విప్‌మెంట్' లెక్కకు రావు కాబట్టి 'ఎ', 'యాన్' పెట్టకూడదు. ఈ అయిదూ ఒక చీటీ మీద రాసి మానిటర్‌కి అతికించుకున్నాను.

'యాన్' సంగతి మాత్రం నేనే ఒక చిట్కా కనిపెట్టి మాస్టారి దగ్గరకు గర్వంగా వెళ్లాను. ఇంగ్లిష్ స్పెల్లింగు చూడొద్దు, మాటని తెలుగులో రాసి చూడు. అచ్చుతో మొదలైతే 'యాన్', హల్లుతో మొదలైతే 'ఎ'. అవర్‌కి 'యాన్', యూనివర్సిటీకి 'ఎ', ఎమ్మెల్యేకి 'యాన్'. నిజంగానే బాగా పనిచేస్తుంది. ఆయన నవ్వి, "యాపిల్‌కో?" అన్నారు. తెలుగులో 'య' ఉంది, ఇంగ్లిష్‌లోనేమో 'యాన్ యాపిల్'. యాక్టర్, యాంకర్ కూడా అంతే. అక్కడి అచ్చుకి మన లిపిలో సరిపడే అక్షరం లేక 'యా' అని రాసుకుంటున్నాం. దానికి ఎదురు 'ఇయర్'. సంవత్సరాన్నీ చెవినీ మనం ఒకేలా పలుకుతాం. సంవత్సరం మొదట్లో ఇంగ్లిష్‌లో 'య' శబ్దం ఉంది కాబట్టి 'ఎ ఇయర్', చెవికైతే 'యాన్ ఇయర్'. మనం 'ఉమన్' అనే మాట కూడా వాళ్లకు 'వ'తోనే మొదలవుతుంది, కాబట్టి 'ఎ'. చిట్కా ఉంచుకున్నాను, 'యా' మాటల్ని, 'ఇయర్'ని, 'ఉ'తో రాసేవాటిని పక్కన పెట్టి.

మూడు నెలలు దాటాయి. నోటుబుక్కులో ఇప్పుడు ఎక్కువగా మూడో వరసే కనిపిస్తోంది. కొన్నిచోట్ల పేపర్లో ఉన్నదీ నేను పెట్టిందీ రెండూ సరైనవే, అర్థం మాత్రం మారుతుంది. అలాంటివి మాస్టారికి చూపిస్తే, ముందు రెండిటినీ తెలుగులో చెప్పమంటారు. మెయిల్ అయితే పంపే ముందు ఆగి చూసుకోగలుగుతున్నాను. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు మాత్రం ఇంకా "ఐ యామ్ సెండింగ్ శాంపిల్" అనే వచ్చేస్తుంది. అందుకే కాల్ అయిపోగానే ఏ లాటో నంబరుతో సహా ఒక మెయిల్ కొడుతున్నాను.