ఐదో ఏడాది వరుసలో కనిపించిన గొయ్యి

ఉద్యోగంలో చేరిన రోజున నాకిచ్చిన షేర్ల గ్రాంటు నాలుగేళ్లలో పూర్తిగా చేతికి వస్తుందని ఆఫర్ పత్రంలోనే ఉంది. ఆ నాలుగేళ్లు అయిపోయాక ఏమవుతుందో మాత్రం నేను మూడేళ్లు దాటేదాకా లెక్క వేసుకోలేదు. ప్రతి మార్చిలో రిఫ్రెషర్, అంటే ఉన్న ఉద్యోగులకు ఏటా ఇచ్చే అదనపు షేర్ల గ్రాంటు, వస్తూనే ఉంది కదా, ఇక లోటేముంటుందని అనుకున్నాను. అది ఎంత తప్పు అంచనాయో, దాన్ని సరిచేసుకోవడానికి ఏం చేశానో చెబుతాను.

అంకెలు తేలికగా ఉండటానికి నా ఏడాది జీతాన్ని 100 అనుకుందాం. మొదటి గ్రాంటు విలువ 160. ఏడాది నిండగానే అందులో నాలుగో వంతు, ఆ తర్వాత మూడు నెలలకోసారి పదహారో వంతు చొప్పున వెస్ట్ అయ్యేది, అంటే నా సొంతమై చేతికొచ్చేది. అంటే సగటున ఏడాదికి 40. జీతంతో కలిపితే 140.

నేను చేరింది ఆగస్టులో. జూన్ తర్వాత చేరినవారికి వచ్చే మార్చి రిఫ్రెషర్ వర్తించదన్నది మా కంపెనీ నియమం. దాంతో నా మొదటి రిఫ్రెషర్ చేరిన పంతొమ్మిది నెలలకు వచ్చింది. దాని విలువ 20. పత్రం తెరవగానే నాకు సంతోషమే కలిగింది. ఏడాదికి వచ్చే 40కి తోడు ఇంకో 20 అని మనసు దానంతట అదే కూడేసుకుంది. నిజానికి ఆ 20 కూడా నాలుగేళ్ల మొత్తమే, ఏడాదికి దక్కేది 5. పత్రంలో పెద్ద అక్షరాల్లో కనిపించేది మొత్తం విలువ, వెస్టింగ్ కాలం కింద చిన్న వాక్యంలో ఉంటుంది.

నాలుగో ఏడాది అక్టోబరులో ఒక ఆదివారం షేర్ల ఖాతాలో ఉన్న గ్రాంట్ల వివరాలన్నీ తీసి పట్టిక వేశాను. ఒక్కో గ్రాంటుకు ఒక నిలువు గడి, ఒక్కో ఏడాదికి ఒక అడ్డు వరుస. ఏడాది అంటే ఆగస్టు నుంచి జూలై వరకు. మున్ముందు కూడా ఏటా 20 చొప్పునే వస్తుందనుకుని నింపాను. షేర్ల రూపంలో మొదటి ఏడాది 40, రెండో ఏడాది 42, మూడో ఏడాది 47, నాలుగో ఏడాది 52. ప్రతి ఏడూ పెరుగుతోంది. ఐదో వరుసకు వచ్చేసరికి మొదటి గ్రాంటు గడి ఖాళీ. అప్పటికి ఉన్న మూడు రిఫ్రెషర్ల నుంచి 15, మార్చిలో వచ్చే నాలుగో దాని నుంచి సుమారు 2. మొత్తం 17. జీతంతో కలిపి 152గా ఉన్న ఆదాయం 117కి పడిపోతుంది. జీతం పెంపు ఒకటి రెండు అంకెలు కలిపినా ఆ గొయ్యి పూడదు.

ఆ పట్టికను చాలాసేపు చూశాక నాకు ఒక సంగతి స్పష్టమైంది. నాలుగేళ్ల రిఫ్రెషర్లు ఏటా ఒకే విలువతో వస్తూ ఒకదానిపై ఒకటి పేరుకుంటే, చివరికి ఏడాదికి చేతికొచ్చేది సరిగ్గా ఒక్క రిఫ్రెషర్ మొత్తం విలువ. నాలుగు గ్రాంట్ల నుంచి నాలుగో వంతు చొప్పున వస్తే కలిసేది ఒక పూర్తి గ్రాంటే కదా. కాబట్టి రిఫ్రెషర్ మంచిదా కాదా అని చూడాలంటే దాని మొత్తాన్ని మొదటి గ్రాంటు ఒక ఏడాది వాటాతో పోల్చాలి. నా విషయంలో 20ని 40తో పోల్చాలి. ఏటా 40 విలువైన రిఫ్రెషర్ వస్తేనే చేరిన నాటి స్థాయి నిలుస్తుంది. నాకు వస్తున్నది అందులో సగం.

వెంటనే మేనేజరు గారి దగ్గరకు పరుగెత్తకుండా ముందు సమయం సంగతి కనుక్కున్నాను. మా దగ్గర మేనేజర్లకు షేర్ల కేటాయింపు జనవరిలో వస్తుంది, పనితీరు రేటింగులూ అప్పుడే ఖరారవుతాయి, మార్చిలో పత్రాలు వెలువడతాయి. పత్రం వచ్చాక అడిగితే మార్చడానికి దాదాపు ఏమీ మిగలదు. అందుకే నవంబరులో అడిగాను.

ఆ పట్టికను ఒక కాగితం మీద ముద్రించి తీసుకెళ్లాను. ఆవిడ మొదట, "మీకు ఏటా రిఫ్రెషర్ వస్తోంది కదా, రేటింగు కూడా బాగుంది" అన్నారు. ఆవిడకు కనిపించే తెరపై వచ్చే పన్నెండు నెలల్లో వెస్ట్ అయ్యే షేర్ల మొత్తమే ఉంటుందట. అందులో ఇంకా మొదటి గ్రాంటు ఉంది కాబట్టి నా అంకె ఆరోగ్యంగానే కనిపిస్తోంది. నేను ఐదో వరుసపై వేలు పెట్టాను. ఆవిడ పెన్ను తీసి 17 చుట్టూ సున్నా చుట్టి, "ఇది ఆగస్టు నుంచేనా?" అని అడిగారు. ఆ తర్వాత మా సంభాషణ మారిపోయింది.

అడిగేటప్పుడు ఏ అంకెను ఆధారం చేసుకోవాలన్నది నేను చాలా ఆలోచించిన విషయం. ఆ మధ్య కాలంలో షేరు ధర ఒకటిన్నర రెట్లయింది. మొదటి గ్రాంటులో షేర్ల సంఖ్య చేరినప్పటి ధరతో నిర్ణయమైంది కాబట్టి ఏడాదికి 40 అనుకున్నది నిజానికి 60గా చేతికొస్తోంది. కొత్త రిఫ్రెషర్లకు మాత్రం పెరిగిన ధరే లెక్క, అదే విలువకు తక్కువ షేర్లు వస్తాయి. కాబట్టి నా అసలు గొయ్యి పట్టికలోకన్నా లోతు. కానీ ఆ పెరుగుదలను కంపెనీ నిలబెట్టాలని అడగడం న్యాయం కాదనిపించింది. ధర పడిపోయి ఉంటే వారు నాకు భర్తీ చేయాల్సిన బాధ్యతా ఉండేది కాదు. నేను అడిగిన ఆ ఏడాదే నా స్థాయిలో కొత్తగా చేరిన సహోద్యోగి ఒకరు తన ఆఫర్ వివరాలు నాతో పంచుకున్నారు. ఆయనకు కూడా 160. అందుకే నేను అడిగింది ఒక్కటే: కొత్తగా చేరే మనిషికి ఇస్తున్న 140 నాకూ ఉండాలి. ఈ పోలికను ఎవరూ తోసిపుచ్చలేకపోయారు.

మార్చిలో వచ్చిన గ్రాంటు విలువ 60. రేటింగును బట్టి వచ్చేది 28, మేనేజరు గారు పైవారితో మాట్లాడి ఇప్పించిన ప్రత్యేక భాగం 32. వెస్టింగ్ మార్చి నుంచే మొదలవుతుందా, మొదటి గ్రాంటు ముగిశాక మొదలవుతుందా అని కూడా రాతపూర్వకంగా అడిగాను. కొన్ని కంపెనీలు ఆ రెండో పద్ధతిలో ఇస్తాయి. అప్పుడు గ్రాంట్లు పేరుకోవు, ఒకటి అయ్యాక ఒకటి వస్తుంది. నాది మార్చి నుంచే.

ఐదో ఏడాది మార్చిలో 36 వచ్చింది. వీటన్నిటితో ఆ ఏడాది షేర్ల రూపంలో దక్కింది సుమారు 29, మొత్తం 129. అడిగిన 140 రాలేదు, 117 తప్పింది. ఆ లోటు నాకు బాధ కలిగించింది, ఆ మాట మేనేజరు గారితో దాచకుండా చెప్పాను. ఇక ముందు కూడా ఏటా 36 వస్తే ఆరో ఏడాది షేర్ల భాగం సుమారు 36 అవుతుంది.

పట్టికను ఇప్పుడు ప్రతి మార్చిలో పొడిగిస్తున్నాను. ఆ 60 విలువైన గ్రాంటు ఎనిమిదో ఏడాది మధ్యలో ముగుస్తుంది, దానితో పాటు ఏడాదికి 15 తగ్గుతుంది. ఆ వరుసకు ఇప్పుడే రంగు వేసి, అంతకు ముందరి నవంబరు తేదీని పక్కన రాసుకున్నాను.